దివిటీ వెలుగులో చెంప మీది చుక్కలు: ఒక మార్కర్ రిమూవల్ కేసు

నేపథ్యం

హనుమకొండలో అయిదుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న యూనిట్ మాది. హైదరాబాద్ స్టూడియోలు ఒప్పుకున్న విజువల్ ఎఫెక్ట్స్ పనిలోంచి రోటో, పెయింట్, ప్రెప్ భాగాలు మా వరకు వస్తాయి. రోటో అంటే కదిలే ఆకారం అంచును ఫ్రేము ఫ్రేముకూ గీయడం. తీగలు చెరపడం, లైట్ స్టాండ్లు తీసేయడం, కదలికను ఫ్రేము ఫ్రేముకూ వెంబడించే ట్రాకింగ్ కోసం అంటించిన మార్కర్లను కనపడకుండా చేయడం మా రోజువారీ పని. ఈ కేసులో సినిమా, నటుడు, స్టూడియో ఎవరో తెలిసే వివరాలన్నీ వదిలేశాను. అంకెలు మా పని పుస్తకంలోవే కానీ, చదవడానికి వీలుగా కొన్నింటిని దగ్గరి సంఖ్యకు సవరించాను.

షాట్ నిడివి 186 ఫ్రేములు, అంటే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఎనిమిది సెకన్లకు కాస్త తక్కువ. రాత్రి వేళ, పాత గడీ లోపల, పెచ్చులూడిన డంగు సున్నపు గోడ ముందు నటుడు నిలబడి మాట్లాడుతూ మధ్యలో ఒకసారి తల తిప్పుతాడు. కెమెరా చేతిలో ఉంది. ఫ్రేముకు బయట ఎవరో దివిటీ పట్టుకున్నారు, షాట్‌లో వెలుగంతా దాదాపు దానిదే. గోడ పైభాగాన్ని కంప్యూటర్‌లో పెంచాలనుకున్నారు కాబట్టి గోడకు నారింజ రంగు టేపుతో తొమ్మిది ఇంటూ గుర్తులు అంటించారు. నటుడి ఎడమ చెంపకు కాలిన మచ్చ పెట్టాలనుకున్నారు కాబట్టి నుదుటి నుంచి దవడ దాకా నల్ల కాటుక పెన్సిల్‌తో 26 చుక్కలు పెట్టారు.

ఎడిటింగ్ దశలో కథ మారింది. ఆ మచ్చ తరువాతి సన్నివేశంలోనే కనపడాలని దర్శకుడు నిర్ణయించడంతో, చుక్కలను కప్పవలసిన మచ్చ ఈ షాట్ నుంచి తప్పుకుంది. మచ్చ వచ్చి ఉంటే చుక్కల పని పెద్దదే కాదు, దాని కిందే అవి దాగిపోయేవి. ఇప్పుడు అవే చుక్కలను తీసేసి, అడుగున ఉన్న అసలు చర్మాన్ని, అది కూడా దగ్గరి షాట్‌లో, చూపించాలి. మార్కర్లు లేకుండా విడిగా తీసిన ప్లేట్, అంటే కెమెరాలో పట్టిన అసలు దృశ్యం, లేదు. ముఖానికి అలాంటి ప్లేట్ ఎలాగూ ఉండదు, గోడకు మాత్రం తీసి ఉండవలసింది.

సమస్య

ప్లేట్ చూసిన మొదటి గంటలోనే మూడు ఇబ్బందులు రాసుకున్నాం. మాట్లాడుతున్నప్పుడు చెంప సాగి ముడుచుకుంటుంది కాబట్టి చుక్కల మధ్య దూరం మారుతూ ఉంటుంది. గోడ మీది రెండు ఇంటూ గుర్తుల ముందు నుంచి నటుడి విడి వెంట్రుకలు కదులుతాయి. మూడోది దివిటీ వెలుగు మినుకుమినుకుమనడం. మూడోదాన్ని రాశామే కానీ పట్టించుకోలేదు, వెలుగు సంగతి చివర్లో సరిచేసుకుందాం అనుకున్నాం. ఈ కేసును రాయడానికి కారణం ఆ ఒక్క నిర్ణయమే.

తెరమీద ఒక్కో చుక్క సుమారు 12 పిక్సెళ్ల వెడల్పు ఉంది. తల తిప్పే చోట, అంటే వెయ్యి దాటాక మొదలయ్యే మా ఫ్రేము నంబర్లలో 1090 నుంచి 1098 వరకు, మోషన్ బ్లర్ వల్ల ఆ చుక్కే ముప్పై పిక్సెళ్ల గీతలా సాగింది. అందుచేత చెరపవలసిన చోటును గుర్తించే మ్యాట్ గుండ్రంగా ఉంటే చాలదని, చుక్క అంచు అయిపోయిందనిపించిన చోటు నుంచి ఇంకో మూడు పిక్సెళ్లు బయటికి తీయాలని ముందే నిర్ణయించుకున్నాం. కాటుక అంచు మెత్తగా చర్మంలోకి కలిసిపోతుంది. కంటికి అంచు అనిపించేది నిజానికి అంచు కాదు, ఆ మెత్తని భాగం కొంచెం మిగిలినా కదలికలో మాసిన మరకలా కనపడుతుంది.

చేసి చూసినవి

అందరూ చేసే పనే మొదట మేమూ చేశాం. ఒక కుర్రాడు నుదుటి మీది నాలుగు చుక్కలను ఫ్రేము తరువాత ఫ్రేము క్లోన్ బ్రష్‌తో చెరిపాడు. ఆపి చూస్తే ప్రతి ఫ్రేమూ బాగుంది, ప్లే చేస్తే నుదురు సలసల కాగుతున్నట్టుంది. ప్రతి ఫ్రేములోనూ బ్రష్ వేరే చోటి నుంచి చర్మాన్ని తెస్తుంది కాబట్టి, ఒక రంధ్రం ఈ ఫ్రేములో ఉండి మరుసటి ఫ్రేములో మాయమవుతుంది. మా వాళ్లు దీన్ని బాయిల్ అంటారు. చేయి ఎంత తిరిగినవాడైనా 24 ఫ్రేములు ఒకే తీరుగా గీయలేడు కనుక ఈ దారి అక్కడితో వదిలేశాం.

రెండోసారి ఒక మంచి ఫ్రేము ఎంచుకున్నాం. వెలుగు బాగా ఉండి, నోరు మూసి ఉన్న 1043వ ఫ్రేములో 26 చుక్కలనూ ఓపికగా పెయింట్ చేసి, ఆ శుభ్రమైన చర్మాన్ని మిగతా ఫ్రేములకు మోసుకుపోవాలన్నది ఆలోచన. ఒక్కో చుక్కను విడిగా ట్రాక్ చేసి అతికించినప్పుడు చెంప సాగే చోట అతుకు సాగలేదు. దాంతో మేం బొమ్మలను కలిపే సాఫ్ట్‌వేర్ న్యూక్‌లోని `SmartVector`, `VectorDistort` వాడాం. ప్రతి పిక్సెల్ ఒక ఫ్రేము నుంచి మరుసటి ఫ్రేముకు ఎటు జరిగిందో లెక్కగట్టి, మనం పెయింట్ చేసిన బొమ్మను ఆ కదలిక ప్రకారం వంచుకుంటూ తీసుకుపోయే పద్ధతి ఇది. చెంపకు ఇదే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. అయితే ఫలితం చూస్తే అతుకులు చెంప మీద అటూ ఇటూ పాకుతున్నట్టే కనపడ్డాయి.

పాకుతున్నట్టు కనపడితే ఎవరైనా ట్రాక్‌నే అనుమానిస్తారు. మేమూ అదే చేశాం. ఒకటికి బదులు మూడు ఆధార ఫ్రేములు పెట్టాం, వెక్టర్ల నాణ్యత పెంచి మళ్లీ లెక్క కట్టించాం, దవడ దగ్గర చేత్తో సరిచేశాం. మూడు రోజులు గడిచాయి. పాకడం కొంచెం తగ్గింది, పోలేదు.

పొరపాటు బయటపడిన తీరు

నాలుగో రోజు పొద్దున అంతకుముందే చేయవలసిన పరీక్ష ఒకటి చేశాను. చెంప మీది ఒక పుట్టుమచ్చను పట్టుకుని షాట్ మొత్తాన్ని దాని చుట్టూ స్థిరం చేశాను. అంటే ముఖం కదలకుండా తెర మధ్యలో నిలబడిపోతుంది, చుట్టూ ప్రపంచం ఊగుతుంది. అలా నిలబెట్టి నాలుగు రెట్లు దగ్గరగా చూస్తే అతుకు ఎక్కడా జరగడం లేదు. దాని పక్కనున్న సన్నని ముడతతో పాటే, అర పిక్సెల్ తేడా కూడా లేకుండా కూర్చుంది. మారుతున్నది అతుకు చుట్టూ ఉన్న చర్మం వెలుగు. చర్మం చీకటి పడుతున్నప్పుడు అతుకు ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా తెలుస్తుంది, వెలుగు తిరిగి వచ్చినప్పుడు ఆ పక్కలు తారుమారవుతాయి. కన్ను దాన్ని కదలికగా చదువుకుంటోంది.

మాట నిజమో కాదో అంకెల్లో చూడడానికి, చెంప మీద చుక్కలు లేని చిన్న చదరాన్ని తీసుకుని `CurveTool`తో ప్రతి ఫ్రేములో దాని సగటు వెలుగును రాయించాను. 1043వ ఫ్రేములో ఎరుపు ఛానెల్ విలువ 0.30 ఉంటే, ఎనిమిది ఫ్రేముల తరువాత, 1051లో, 0.10కి పడిపోయింది. సెకనులో మూడో వంతు సమయంలో వెలుగు మూడో వంతుకు తగ్గిందన్నమాట. మా అతుకు మాత్రం 1043 నాటి వెలుగును ఎత్తుకుని తిరుగుతోంది. వెలుగును సవరించే గ్రేడ్ నోడ్‌తో కీలు, అంటే ఫ్రేముల వారీ విలువలు, పెట్టి ఈ పతనాన్ని అనుసరించాలని చూశాం కానీ, దివిటీ మంట ఊగుతుంటే ముక్కు పక్కన నీడ ఒక తీరుగా, దవడ దగ్గర ఇంకో తీరుగా మారుతోంది. 26 చుక్కలకు 186 ఫ్రేముల్లో చేత్తో కీలు పెట్టడం నెల రోజుల పని.

అప్పుడు మా యూనిట్‌లో అందరికంటే కొత్తగా చేరిన అమ్మాయి నోరు విప్పింది. ఆమె అంతకుముందు వరంగల్‌లోని ఒక ఫోటో స్టూడియోలో పెండ్లి ఆల్బములు చేసేది. "అన్నా, పెండ్లికొడుకు మొఖం మీద మొటిమలు తీస్తే మేం రంగు ఒక లేయర్ల, చర్మం ఇంకో లేయర్ల పెట్టుకుంటుంటిమి. రంగును ముట్టకుండ చర్మం ఒక్కటే మార్చొచ్చు కదా?" అంది.

ఫోటోలో ఒకటే ఫ్రేము కాబట్టి ఆ విడదీత సౌకర్యం కోసం మాత్రమే పనికొస్తుంది. మాకు మాత్రం అదే అసలు కీలకమైంది. చుక్క కింద ఏ వెలుగు ఉండాలో దాని చుట్టూ ఉన్న చర్మమే ఏ ఫ్రేముకు ఆ ఫ్రేములో చెబుతోంది, దాన్ని ఇంకో ఫ్రేము నుంచి తెచ్చుకోవలసిన పని లేదు. 1043 నుంచి తెచ్చుకోవలసింది రంధ్రాలు, సన్నని గీతలు మాత్రమే. వెలుగును, ఆకృతిని కలిపి మోసుకుపోవడమే మేం చేసిన తప్పు.

తీసివేతా, భాగహారమా

ఆ విడదీతను ఎలా చేయాలన్నది తరువాతి నిర్ణయం. ఫోటో స్టూడియోల్లో సాధారణంగా బొమ్మ నుంచి దాని బ్లర్ చేసిన నకలును తీసివేసి, మిగిలిన తేడాను ఆకృతిగా ఉంచుకుంటారు. మా షాట్‌కు అది సరిపోదని లెక్క వేస్తే తేలింది. 1043వ ఫ్రేములో చెంప సగటు వెలుగు 0.30, ఒక రంధ్రం అడుగున 0.27 అనుకుందాం. తీసివేస్తే ఆ రంధ్రం లోతు -0.03 అవుతుంది. దాన్ని 0.10 వెలుగున్న 1051వ ఫ్రేముకు కలిపితే 0.07 వస్తుంది, అంటే చుట్టూ ఉన్న చర్మం కంటే రంధ్రం 30 శాతం నల్లబడుతుంది. అసలు ఫ్రేములో అది 10 శాతమే. చీకటి పడినప్పుడల్లా ముఖం మీద స్ఫోటకం మచ్చలు లేచినట్టు కనపడేది ఇందువల్లనే. అదే భాగిస్తే 0.27ను 0.30తో భాగించగా 0.90 వస్తుంది, దాన్ని 0.10తో గుణిస్తే 0.09. చీకట్లోనూ రంధ్రం 10 శాతమే నల్లగా ఉంటుంది. చర్మం మీద పడే వెలుగు గుణకారంగా పనిచేస్తుంది కాబట్టి ఆకృతిని కూడా నిష్పత్తిగానే దాచుకోవాలి.

ఈ లెక్క నిలవాలంటే ప్లేట్ లీనియర్ వెలుగులో ఉండాలి, తెరకు చూపించే వంపుతో ఉన్న బొమ్మ మీద భాగిస్తే నిష్పత్తులు తప్పుతాయి. సున్నాకు దగ్గరున్న నీడల్లో భాగహారం అంకెలను ఎగరేస్తుంది కాబట్టి రెండు వైపులా 0.005 కలిపి భాగించాం.

వెలుగు భాగాన్ని నింపడానికి పాత చిట్కానే వాడాం. చుక్కను మ్యాట్‌తో కత్తిరించి, మిగిలిన చర్మాన్ని బ్లర్ చేసి, అదే బ్లర్ చేసిన మ్యాట్‌తో భాగిస్తే చుట్టూ ఉన్న చర్మపు వెలుగు గుంతలోకి పాకి నిండుతుంది. న్యూక్‌లో `Premult`, `Blur`, `Unpremult` వరుసగా పెడితే చాలు. P ప్లేటు, M చుక్కల మ్యాటు, C 1043లో పెయింట్ చేసిన శుభ్రమైన ముఖం.

```
fill   = blur(P * (1 - M)) / blur(1 - M)
detail = C / blur(C)
result = P * (1 - M) + fill * detail * M
```

`detail` ఒక్కటే వెక్టర్ల మీద ప్రయాణిస్తుంది. `fill` ఏ ఫ్రేముకు ఆ ఫ్రేములో పుడుతుంది. బ్లర్ విలువ రెండు చోట్లా ఒకటే ఉండాలి. వేరువేరుగా ఉంటే ఒక పరిమాణపు నీడలు రెండుసార్లు వస్తాయి, లేదా అసలు రావు. మ్యాట్ వెడల్పు 18 పిక్సెళ్లు కాబట్టి 24 పెట్టాం. అంతకంటే తక్కువైతే చుక్క నడిమికి వెలుగు చేరదు, మరీ ఎక్కువైతే ముక్కు పక్కన నీడ చెంప మీదికి పాకుతుంది.

మొదటి రెండర్ ప్లే చేసినప్పుడు పాకడం లేదు. మూడు రోజులు వెక్టర్లతో కుస్తీ పట్టి సాధించలేనిది, ఆ వెక్టర్లనే తాకకుండా, మధ్యాహ్నం భోజనానికి ముందే తేలింది.

తేలనివి

చర్మం వెలుగును గుణకారంగా తీసుకుంటుందని పైన రాశాను, చెమటకు ఆ మాట వర్తించదు. 1120 నుంచి 1128 వరకు నుదుటి మీద ఒక చెమట మెరుపు రెండు చుక్కల మీదుగా దాటింది. మెరుపు అంచు బ్లర్ కంటే సన్నగా ఉండడంతో గుంతలోకి పాకిన వెలుగు దాన్ని పలచన చేసింది, మెరుపు చుక్క దగ్గరికి రాగానే చల్లారి అవతల మళ్లీ వెలిగింది. అక్కడ బ్లర్ 10కి తగ్గించి, మిగిలిన లోటును తొమ్మిది ఫ్రేముల్లో చేత్తో పెయింట్ చేశాం. తొమ్మిది ఫ్రేములు, అదీ మెరుపు మీద కాబట్టి, బాయిల్ కనపడలేదు. పద్ధతి పట్టలేని చోట చేతిపనికి వెనుకాడలేదు కానీ, ఆ చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందు గుర్తించుకున్నాకే బ్రష్ పట్టుకున్నాం.

రెండోది మీసం అంచున ఉన్న చుక్క. చుట్టూ సగం చర్మం, సగం వెంట్రుకలు. నింపే వెలుగు రెండింటినీ కలిపి బూడిద రంగు చేసింది. ఆ చుక్కకు మీసం వైపు మ్యాట్ వేసి, చర్మం వైపు నుంచి మాత్రమే వెలుగు పాకేలా కట్టడి చేశాం. మీసం వెంట్రుకలను 1043 నుంచి తెచ్చి మీద పెట్టాం. నోరు పెద్దగా తెరిచే 22 ఫ్రేముల్లో అది కూడా కుదరక అక్కడ 1071ని రెండో ఆధార ఫ్రేముగా తీసుకున్నాం.

అప్పటికి చుక్కలు కనపడడం లేదు కానీ ముఖం బాగోలేదు. ఆ అమ్మాయే చూసి, "పెండ్లికొడుకు లెక్కనే ఉన్నడన్నా, ఇస్త్రీ చేసినట్టు" అని నవ్వింది. చుక్కలున్న చోట్ల గ్రెయిన్, అంటే బొమ్మ మీద కదిలే సన్నని ఇసుక లాంటి గరుకు, లేదు. భాగహారానికి ముందు ప్లేటును డీనాయిజ్ చేసి గ్రెయిన్ తీసేశాం కాబట్టి అతుకుల్లో సెన్సర్ గలగల లేదు, చుట్టూ ఉన్న చర్మంలో ఉంది. డీనాయిజ్ చేయకపోతే 1043 నాటి గ్రెయిన్ గడ్డకట్టుకుపోయి ముఖం మీద తెరలా అతుక్కునేది కాబట్టి ఆ నిర్ణయం సరైనదే.

అసలు ప్లేట్ నుంచి డీనాయిజ్ చేసిన ప్లేటును తీసివేస్తే ఆ ఫ్రేము గ్రెయిన్ విడిగా దొరుకుతుంది, దాన్ని అతుకు మీద తిరిగి కలపవచ్చు. అయితే చుక్క ఉన్న చోటి గ్రెయిన్‌ను అక్కడే కలపడం పొరపాటు. ఆ గ్రెయిన్ నల్ల కాటుక మీద పుట్టింది, చీకటి భాగంలో గ్రెయిన్ తీరు చర్మం మీది గ్రెయిన్ తీరులా ఉండదు. దాన్ని అతికితే చుక్క రూపం గ్రెయిన్‌లో మిగిలిపోతుంది. నీడలను తేటపరిచే గామా పెంచి చూస్తే 26 చుక్కలూ దయ్యాల్లా తిరిగి కనపడ్డాయి. అందుకని గ్రెయిన్ పొరను 40 పిక్సెళ్లు పక్కకు జరిపి, అదే ఫ్రేములోని చర్మం మీది గ్రెయిన్‌ను చుక్కల్లోకి తెచ్చాం. జరిపిన చోట ఇంకో చుక్క పడకుండా చూసుకోవడానికి దవడ దగ్గర మాత్రం కిందికి జరపవలసి వచ్చింది.

గోడ

గోడ సంగతి మొదట సులువనుకున్నాం. ఒక ఫ్రేములో ఇంటూ గుర్తులను పెయింట్ చేసి, గోడను ఒక చదునైన తలంగా ప్లేనార్ ట్రాక్ చేసి, శుభ్రమైన గోడను మీద అతికించాం. ముఖంలో చేసిన తప్పే ఇక్కడా చేశాం. దివిటీ ఊగినప్పుడల్లా గోడ మీద తొమ్మిది లేత మచ్చలు ఊపిరి తీసుకున్నాయి. పైగా వెంట్రుకలు దాటే చోట రోటో చేసి వాటిని మళ్లీ పైకి తేవలసి వచ్చింది, ఒక్కో వెంట్రుకకు రోటో గీయడం ఎవరికీ అయ్యే పని కాదు.

ముఖం మీద నేర్చుకున్నది ఇక్కడ ఇంకా సూటిగా పనిచేసింది. ఒకే ఫ్రేములో, ఒకే వెలుగులో, శుభ్రం చేసిన గోడను టేపున్న గోడతో భాగిస్తే వెలుగు రెండు వైపులా కొట్టుకుపోతుంది. మిగిలేది ఒక నిష్పత్తి పటం, టేపు లేని చోట 1, టేపున్న చోట ఆ టేపును గోడగా మార్చే గుణకం. దాన్ని గోడతో ట్రాక్ చేసి ప్రతి ఫ్రేముకు గుణిస్తే ఆ ఫ్రేము వెలుగు ఆ ఫ్రేములోనే ఉంటుంది.

వెంట్రుకల సమస్య కూడా దీనితోనే చాలావరకు తీరింది. సన్నని వెంట్రుక దాదాపు నలుపు. అది టేపు ముందు నుంచి పోతే తన సొంత రంగు చూపించడం కంటే వెనుకనున్న టేపు వెలుగును కొంత తగ్గిస్తుందంతే. టేపును గోడగా మార్చే గుణకంతో గుణిస్తే ఆ తగ్గింపు అలాగే ఉండి వెంట్రుక గోడ ముందు నిలబడుతుంది. దివిటీ వెలుగు తగిలి మెరిసే వెంట్రుకల మీద ఈ మాట చెల్లదు. మా షాట్‌లో అలాంటివి నాలుగే ఉండడం అదృష్టం, వాటిని విడిగా పెయింట్ చేశాం. నటుడి భుజం, తల వంటి గట్టి భాగాలకు మాత్రం రోటో తప్పదు. లేకపోతే గుణకం ఆయన చొక్కా మీద తిరగేసిన ఇంటూ గుర్తు వేస్తుంది.

రంగు టేపు తెచ్చిన ఇబ్బంది ఇక్కడే బయటపడింది. ఎరుపు ఛానెల్‌లో గోడ 0.30, టేపు 0.36, గుణకం 0.83, ఏ గొడవా లేదు. నీలం ఛానెల్‌లో గోడ 0.15 ఉంటే నారింజ టేపు 0.015. గుణకం 10. వెలుగుతో పాటు గ్రెయిన్ కూడా పది రెట్లయి గోడ మీద నీలి ఇసుక చల్లినట్టయింది. వెంట్రుకలు లేని ఏడు గుర్తులకు చుట్టూ ఉన్న గోడ నుంచి వెలుగు పాకించి నీలం నింపాం. వెంట్రుకలు దాటే రెండింటికి, ఎరుపు ఛానెల్‌లో వెంట్రుక ఎంత వెలుగును ఆపిందో కొలిచి, అదే కొలతను శుభ్రమైన గోడ నీలానికి వర్తింపజేశాం. నల్లని వెంట్రుక అన్ని రంగులనూ దాదాపు సమానంగా ఆపుతుందన్న నమ్మకం మీద చేసిన పని ఇది, గోరింటాకు పెట్టిన జుట్టయితే చేసి ఉండేవాణ్ని కాదు.

పంపాక వచ్చింది

పంపే ముందు నాలుగు రకాలుగా చూశాం. గెయిన్, గామా బాగా పెంచి చూశాం. ఒక్కో ఛానెల్‌ను విడిగా, ముఖ్యంగా గ్రెయిన్ ఎక్కువుండే నీలాన్ని, చూశాం. ముఖాన్ని స్థిరం చేసి చూశాం. బొమ్మను కుడి ఎడమలు తిప్పి కూడా చూశాం, ఎందుకంటే వారం రోజులు అదే ముఖం చూసిన కన్నుకు ఎక్కడ చుక్క ఉండేదో గుర్తుండి అక్కడే వెతుకుతుంది, మిగతా చోట్లను వదిలేస్తుంది.

అయినా స్టూడియో నుంచి ఒక నోట్ వచ్చింది. 1060 దగ్గర కెమెరా ఒక్కసారి కుదిపినప్పుడు గోడ మీద ఇంటూ ఆకారపు సన్నని అంచులు, ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా, చెక్కినట్టు కనపడుతున్నాయని రాశారు. కుదుపులో టేపు బ్లర్ అయింది, మా నిష్పత్తి పటం మాత్రం పదునుగా ఉంది. మా కుర్రాడు ఆ పటాన్నే బ్లర్ చేశాడు, అంచులు తగ్గాయి కానీ పోలేదు. బ్లర్ చేసిన నిష్పత్తి, బ్లర్ చేసిన వాటి నిష్పత్తి ఒకటి కావు. కెమెరాలో జరిగింది టేపున్న గోడ బ్లర్ కావడం. కాబట్టి శుభ్రమైన గోడను, టేపు గోడను విడివిడిగా అదే దిశలో, అదే పొడవుతో బ్లర్ చేసి ఆ తరువాతే భాగించాలి. అలా చేసిన ఆరు ఫ్రేముల్లో అంచులు పూర్తిగా పోయాయి. షాట్ రెండోసారికి ఆమోదం పొందింది.

మొత్తం పదకొండు పనిదినాలు పట్టింది. ఇందులో ట్రాక్‌ను అనుమానించిన మూడు రోజులూ వృథా. ఇప్పుడు మా దగ్గర ఏ మార్కర్ షాట్ వచ్చినా మొదటి గంటలోనే ఒక చదరం తీసుకుని వెలుగు గీత గీయిస్తాం, షాట్‌ను స్థిరం చేసి చూస్తాం, ఆ రెండూ చూశాకే పద్ధతి ఎంచుకుంటాం.

ఆ స్టూడియోకు ఒక విన్నపం కూడా రాశాం. గోడ రంగుకు దగ్గరగా, దానికంటే కాస్త ముదురుగా ఉండే బూడిద టేపు వాడితే మూడు ఛానెళ్లలోనూ గుణకం ఒకటికి దగ్గరగా ఉంటుందని, వీలైతే గోడను మార్కర్లు లేకుండా పది సెకన్లు తీయమని. కొన్ని నెలలకు వాళ్ల ఇంకో షాట్ అలాంటి టేపుతోనే వచ్చింది. నీలం ఛానెల్‌లో గుణకం 1.4, గ్రెయిన్ గొడవే లేదు, గోడ ఒక పూటలో అయిపోయింది. అయితే దీపం బాగా తగ్గిన ఎనిమిది ఫ్రేముల్లో ఆ బూడిద టేపు గోడలో కలిసిపోయి ట్రాకర్ చేతులెత్తేసింది, ఆ ఎనిమిదింటిలో గోడ పెచ్చుల అంచులు పట్టుకుని చేత్తో ట్రాక్ చేశాం.